MAX31865లో గది ఉష్ణోగ్రత −113 డిగ్రీలు చూపిస్తోంది, 0xD1 రాస్తే 0x68 చదువుతోంది: ఎస్‌పీఐ మోడ్ సమస్యేనా?

చిన్నబోర్డు

అందరికీ నమస్కారం. పాల చల్లబరిచే ట్యాంకు కోసం ఉష్ణోగ్రత రికార్డు చేసే చిన్న బోర్డు చేస్తున్నా. ఎస్‌టీఎం32ఎఫ్103, దానికి MAX31865 మాడ్యూల్, మూడు తీగల పీటీ100. రిఫరెన్స్ రెసిస్టర్ 430 ఓమ్‌లు. లైబ్రరీ వాడలేదు, డ్రైవర్ నేనే రాసుకున్నా.

గదిలో 25 డిగ్రీలు ఉంటే నాకు −113 వస్తోంది. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి 467కి ఎగిరి మళ్లీ −113కి దిగుతుంది. సెన్సర్‌ని అరచేతిలో పట్టుకుంటే −113 కాస్తా పైకి కదులుతుంది, అంటే చిప్ నిజంగానే కొలుస్తోంది. కాన్ఫిగ్ రిజిస్టర్‌లో 0xD1 రాసి వెనక్కి చదివితే 0x68 వస్తోంది. ఇంకో వింత, ఫాల్ట్ బిట్ వస్తూ పోతూ ఉంటుంది, కానీ ఫాల్ట్ రిజిస్టర్ 0x07 చదివితే అందులో ఏమీ ఉండదు.

తీగలు మార్చా, మళ్లీ సోల్డర్ చేశా, మాడ్యూల్ కూడా ఇంకోటి పెట్టి చూశా. అదే తీరు. సెట్టింగు ఇది, క్యూబ్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచా:

```c
hspi1.Init.CLKPolarity = SPI_POLARITY_LOW;
hspi1.Init.CLKPhase    = SPI_PHASE_1EDGE;
hspi1.Init.BaudRatePrescaler = SPI_BAUDRATEPRESCALER_32;
```

---

గోదారోడు

తమ్ముడూ, ఇది నాకు బాగా తెలిసిన కేసు. మైనస్ వస్తోందంటే థర్మోకపుల్ తీగలు తిరగబడ్డాయి. ఎరుపు, పసుపు అటుదిటు చేసి చూడు, వెంటనే ప్లస్‌లోకి వస్తుంది. మా దగ్గర బాయిలర్ మీద ఇలాగే టెన్షన్ పెట్టింది.

---

చిన్నబోర్డు

అన్నా, ఇది థర్మోకపుల్ కాదు, పీటీ100. అది రెసిస్టరే కదా, తిరగేసినా తేడా రాదు. మీరు అనుకుంటున్నది MAX31855 అయి ఉంటుంది.

---

సిగ్నల్_సీను

మోడ్ 0 పెట్టావు కదా, అది కరెక్టే. CPHA సున్నా అంటే రైజింగ్ ఎడ్జ్‌లో చదవడం, చిప్‌లు దాదాపు అన్నీ రైజింగ్‌లోనే చదువుతాయి. పైగా మోడ్ 0, మోడ్ 3 రెండూ ఒకటే, దేనితోనైనా నడుస్తుంది. నాకు ఇది సిగ్నల్ సమస్యలా ఉంది. నీ క్లాక్ ఎంత? 72ని 32తో భాగిస్తే 2.25 మెగాహెర్ట్జ్. బ్రెడ్‌బోర్డ్ జంపర్ల మీద అది ఎక్కువే. ప్రీస్కేలర్ 256 చెయ్, జంపర్లు పొట్టివి వాడు.

---

చిన్నబోర్డు

256 కూడా పెట్టి చూశా సీను బ్రో. 281 కిలోహెర్ట్జ్‌లోనూ అదే 0x68, అదే −113. ఒక్క అంకె కూడా మారలేదు.

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

ఆ "ఒక్క అంకె కూడా మారలేదు" అన్నదే ఇక్కడ అసలు ఆధారం. తీగల వల్ల, నాయిస్ వల్ల చెడితే బైట్ ఒక్కోసారి ఒక్కోలా చెడుతుంది, క్లాక్ తగ్గిస్తే బాగుపడుతుంది. ఎనిమిది రెట్లు నెమ్మది చేసినా అదే తప్పు, అదే పద్ధతిలో వస్తోందంటే తీగల్ని వదిలేయండి.

0xD1ని బిట్లుగా రాసి చూడండి: 1101 0001. దాన్ని ఒక్క బిట్ కుడికి జరిపితే 0110 1000, అంటే మీరు చదువుతున్న 0x68. నా అనుమానం బలమైనదే, కానీ ఒక్క బైట్ చూసి తేల్చను. చిన్నబోర్డు గారూ, సీఎస్ దించి, 0x00 చిరునామా పంపి, సీఎస్ ఎత్తకుండా వరసగా ఎనిమిది బైట్లు చదివి ఇక్కడ పెట్టగలరా?

---

చిన్నబోర్డు

ఇవిగో అక్కా:

```
68 A0 AA 7F FF 80 00 00
```

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

ఇంక సందేహం లేదు. మీ చిప్ బాగుంది, సెన్సర్ బాగుంది, తీగలు బాగున్నాయి. మీ మాస్టర్ ఒక అంచు ముందుగా చదువుతోంది.

ఈ చిప్‌లో మూడు, నాలుగు చిరునామాలు పై హద్దు రిజిస్టర్లు. పవర్ ఇవ్వగానే వాటిలో FF FF ఉంటాయి. అయిదు, ఆరు కింది హద్దువి, వాటిలో 00 00. మీరు వాటిని ముట్టుకోలేదు కాబట్టి అక్కడ ఏముండాలో మనకు ముందే తెలుసు: FF FF 00 00. మీకు వచ్చింది 7F FF 80 00. ఒకట్ల గుంపు మొత్తం ఒక బిట్ ఆలస్యంగా మొదలై, ఒక బిట్ ఆలస్యంగా ముగిసింది. అంటే బిట్లేవీ పోలేదు, తరువాతి బైట్‌లోకి దొర్లాయి. మొదటి మూడు బైట్లలోనూ అదే కథ:

```
చిప్ పంపింది     : 1101 0001  0100 0001  0101 0100
మాస్టర్ చదివింది : x110 1000  1010 0000  1010 1010
```

0xD1 చివర ఉన్న 1 ఎక్కడికి పోయిందా అని చూస్తే, రెండో బైట్ మొదట్లో ఉంది. అందుకే 41 రావలసిన చోట A0 వచ్చింది. అసలు విలువ 0x4154. చివరి బిట్ ఫాల్ట్ బిట్, దాన్ని తీసేస్తే 0x20AA, అంటే 8362. 8362ని 32768తో భాగించి 430తో గుణిస్తే 109.73 ఓమ్‌లు. పీటీ100కి అది సరిగ్గా 25 డిగ్రీలు.

మీ కోడ్ ఈ రెండు బైట్లనే విడిగా చదివినప్పుడు దానికి 0x20AA అందుతోంది, అది మళ్లీ ఒక బిట్ జరిపి 4181 అనుకుంటోంది. సగం. అంటే 54.86 ఓమ్‌లు, పట్టికలో చూస్తే −113 డిగ్రీలు. చెయ్యి పెడితే కదలడం కూడా అందుకే, సగమైనా అది నిజమైన కొలతే.

ఇక ఇలా ఎందుకవుతుందో చెప్తాను. ఎస్‌పీఐలో క్లాక్ అంచులు రెండు రకాల పని చేస్తాయి. ఒక అంచున పంపేవాడు బిట్ మారుస్తాడు, తరువాతి అంచున అందుకునేవాడు చదువుతాడు. మధ్యలో అర క్లాక్ సమయం బిట్ కదలకుండా నిలబడుతుంది, ఆ నిలకడే మనకు రక్ష. సీను గారు అన్నట్టు CPHA సున్నా అంటే రైజింగ్ అని కాదు. CPHA సున్నా అంటే *మొదటి* అంచున చదవడం, CPHA ఒకటి అంటే *రెండో* అంచున చదవడం. ఆ మొదటి అంచు పైకి పోయేదా, కిందికి దిగేదా అన్నది క్లాక్ ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుందో దాన్ని బట్టి ఉంటుంది, అది CPOL చెబుతుంది. కిందుంటే మొదటి అంచు పైకే పోవాలి, పైనుంటే మొదటి అంచు కిందికే దిగాలి.

MAX31865 ఎప్పుడూ CPHA ఒకటి. మొదటి అంచున బిట్ బయటపెడుతుంది, రెండో అంచున చదవమంటుంది. మీ మాస్టర్ CPHA సున్నాలో ఉంది, మొదటి అంచుననే చదివేస్తోంది. చిప్ కొత్త బిట్‌ని తీగ మీదకు తెచ్చేది అదే అంచు తర్వాత కొన్ని నానోసెకన్లకు. కాబట్టి మాస్టర్ చేతికి ప్రతిసారీ అంతకు ముందరి బిట్ చిక్కుతోంది. మొదటి చదువుకి ముందరి బిట్ అంటూ లేదు, అందుకే అక్కడ x అని రాశాను. ఆ క్షణానికి తీగ మీద ఏది ఉంటే అది.

మార్చవలసింది ఒక్క పదం, `SPI_PHASE_2EDGE`.

---

కర్నూలు_సర్క్యూట్

ఓహో, ఇప్పుడర్థమైంది. నాకు ఇదే మాడ్యూల్‌తో ఎప్పుడూ 467 వస్తుంది, −113 ఒక్కసారి కూడా రాలేదు. సెన్సర్ కాలిపోయిందని పక్కన పడేశా. నా బోర్డులో మిసో మీద పుల్-అప్ ఉంది. దానికీ దీనికీ లింకు ఉందా?

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

ఉంది, ఆ x అదే. మీ పుల్-అప్ తీగని పైన పట్టుకుంటుంది కాబట్టి x ఎప్పుడూ 1. అప్పుడు 0x20AA కాస్తా 0xA0AA అవుతుంది. ఒక బిట్ జరిపితే 20565, అంటే దాదాపు 270 ఓమ్‌లు, 467 డిగ్రీలు. చిన్నబోర్డు గారి మిసో పిన్ గాల్లో వేలాడుతోంది, అందుకే ఎక్కువసార్లు 0, అప్పుడప్పుడూ 1. ఒకే తప్పు, రెండు ముఖాలు. సెన్సర్‌ని చెత్తలోంచి తీయండి.

ఫాల్ట్ బిట్ సంగతీ ఇందులోనే తేలిపోతుంది. ఒక బిట్ జరిగాక మీ కోడ్ ఫాల్ట్ అనుకుని చూస్తున్నది నిజానికి కొలతలోని అన్నింటికంటే చిన్న బిట్. దాని విలువ డిగ్రీలో ముప్పయ్యో వంతు చిల్లర. నాయిస్‌కి అది ఆడుతూనే ఉంటుంది. ఫాల్ట్ రిజిస్టర్‌లో ఏమీ లేకపోవడం నిజం, ఫాల్ట్ అనేదే లేదు.

---

సిగ్నల్_సీను

మొదటి అంచు, రెండో అంచు లెక్క ఒప్పుకుంటా. కానీ ఒక చిక్కుంది. మోడ్ తప్పైతే రాయడం కూడా చెడాలి కదా? 0xD1 చిప్‌లోకి సరిగ్గానే వెళ్లింది, చిరునామా కూడా సరిగ్గానే అందింది. అది ఎలా కుదిరింది?

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

మంచి ప్రశ్న. సగం మంది ఈ తప్పు దగ్గర ఇరుక్కునేది అక్కడే. రాయడం పనిచేసింది కాబట్టి మోడ్ సరైనదే అనుకుంటారు.

రాసే దిశలో చూడండి. మోడ్ 0లో మాస్టర్ మొదటి బిట్‌ని ఏ అంచూ రాకముందే మోసి మీద పెడుతుంది, ఆ తరువాత ప్రతి దిగే అంచున మారుస్తుంది. చిప్ చదివేదీ ఆ దిగే అంచుననే. ఇటుకలు అందించే వరుసలో ఒకడు చెయ్యి వదిలే క్షణంలోనే ఇంకొకడు పట్టుకున్నట్టు. మాస్టర్ పిన్ మారడానికి అంచు తర్వాత కాస్త ఆలస్యం పడుతుంది, ఆ సందులో చిప్ పాత బిట్‌ని పట్టేస్తోంది. ఈ దిశలో పాత బిట్టే సరైన బిట్. అందుకే పని జరిగింది.

అయితే అది హక్కుగా వచ్చింది కాదు. అంచు తర్వాత కూడా కాసేపు డేటా కదలకుండా ఉండాలని డేటాషీట్ అడుగుతుంది, మోడ్ 0లో మీరు ఆ సమయం ఇవ్వడం లేదు. ఎప్పుడైనా మోసి ముందుగా మారి, క్లాక్ చిప్‌కి కాస్త ఆలస్యంగా చేరిందనుకోండి, చిప్‌కి తరువాతి బిట్ అందుతుంది. 0x80, 0xD1 పంపితే మొదటి బైట్ 0x01గా కనిపిస్తుంది: ముందున్న 1 పోయి, వెనక నుంచి D1లోని మొదటి 1 వచ్చి చేరుతుంది. 0x80 అంటే కాన్ఫిగ్‌లో రాయమని, 0x01 అంటే కొలత చదవమని. మీరు రాశాననుకుంటారు, చిప్ చదివిస్తున్నానని అనుకుంటుంది.

దీనికి క్లాక్ తగ్గించడం మందు కాదు. పోటీ రెండు అంచుల మధ్య కాదు, ఒకే అంచు దగ్గర ఎవరు ముందన్నది. క్లాక్ గంటకొకటి కొట్టినా ఆ కొన్ని నానోసెకన్ల పోటీ అలాగే ఉంటుంది.

---

ఎనిమిదో_బిట్

ఇంత కథ ఎందుకు, చదివిన దాన్ని ఎడమకి ఒక బిట్ జరిపేస్తే సరిపోదా? `value << 1`. మా పాత ప్రాజెక్టులో అలాగే ఉంది, ఏళ్ల తరబడి నడుస్తోంది.

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

నడుస్తుంది, కానీ చివరి బిట్ మీ దగ్గర లేదు కదండీ. అది తీగ మీదకు వచ్చాక మీరు క్లాక్ ఆపేశారు. ఇక్కడ ఆ చివరి బిట్ ఫాల్ట్ బిట్. అంటే తీగ తెగినా ఆ బిట్ చూసి మీ ప్రోగ్రాంకి ఎప్పటికీ తెలియదు, జరిపినప్పుడు అక్కడ సున్నా చేరుతుంది. రాసే వైపు పోటీ కూడా అలాగే ఉండిపోతుంది. పాల ట్యాంకు మీద నేనైతే పెట్టను.

---

ఎనిమిదో_బిట్

మాది ఫాల్ట్ బిట్ లేని చిప్ లెండి. ముట్టుకోను, నడిచేదాన్ని నడవనిద్దాం.

---

చిన్నబోర్డు

మార్చేముందు లాజిక్ అనలైజర్‌తో చూద్దామని పట్టుకున్నా, చవకది, 24 మెగాహెర్ట్జ్‌ది. కోడ్ మార్చకుండా డీకోడర్‌లో మాత్రమే ఫేజ్ మార్చి చూశా:

```
sigrok-cli -i cap.sr -P spi:clk=D0:miso=D1:mosi=D2:cs=D3:cpol=0:cpha=1 -A spi=miso-data
```

`cpha=1` పెడితే చిరునామా బైట్ తర్వాత D1 41 54 FF FF 00 00 00 వచ్చింది. అంటే సరైన డేటా తీగ మీద మొదటి నుంచీ ఉంది! కానీ `cpha=0` పెడితే 68 వస్తుందనుకున్నా, ఒక్కోసారి 68, ఒక్కోసారి D1 వస్తోంది. ఇదేంటి?

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

24 మెగాహెర్ట్జ్ అంటే దాదాపు 42 నానోసెకన్లకు ఒక్కసారి చూస్తుంది. క్లాక్ పైకి లేవడం, మిసో మారడం రెండూ ఆ సందులోనే జరిగిపోతే అనలైజర్‌కి రెండూ ఒకేసారి మారినట్టు కనిపిస్తాయి, డీకోడర్ కొత్త బిట్ తీసుకుంటుంది. రెండూ వేర్వేరు శాంపిళ్లలో పడితే పాత బిట్ తీసుకుంటుంది. తప్పు ఫేజ్‌లో అనలైజర్ చూపించే బైట్లు మీ మాస్టర్ చూసినవే అయి ఉండాలని లేదు. వాటిని ఆధారంగా తీసుకోకండి.

బైట్లు కాదు, గీతలు చూడండి. బాగా దగ్గరికి జూమ్ చేసి, మిసో ఏ అంచుని అంటిపెట్టుకుని కదులుతోందో చూస్తే చాలు. పైకి లేచే అంచు పక్కనే కదులుతోందంటే చదవాల్సింది దిగే అంచున. దిగే అంచు పక్కన కదులుతోందంటే చదవాల్సింది లేచే అంచున. డేటాషీట్ దొరకని చైనా మాడ్యూళ్లకి కూడా ఇది పనిచేస్తుంది. నేనైతే కొత్త చిప్ ఏది వచ్చినా ముందు ఇదే చూస్తాను, డేటాషీట్ బొమ్మ తరువాత.

---

చిన్నబోర్డు

చూశా, క్లాక్ లేచిన వెంటనే మిసో కదులుతోంది, దిగేటప్పుడు నిలకడగా ఉంది. `SPI_PHASE_2EDGE` పెట్టా. 25.1 డిగ్రీలు! ఫాల్ట్ బిట్ కూడా ఆగిపోయింది. థాంక్యూ అక్కా.

ఒక్కటే మిగిలింది. అదే బస్ మీద W25Q128 ఫ్లాష్ ఉంది, రికార్డులు దాచడానికి. ఇప్పుడది మూగబోయింది. 0x9F పంపితే EF 40 18 వచ్చేది, ఇప్పుడు FF FF FF. ప్రతిసారీ మోడ్ మార్చుకుంటూ ఉండాలా?

---

సిగ్నల్_సీను

ఇది నేను చెప్తా. ఫ్లాష్ మోడ్ 0, మోడ్ 3 రెండూ ఒప్పుకుంటుంది. నువ్విప్పుడు మోడ్ 1లో ఉన్నావు. అందులో మోసి మారేది లేచే అంచున, ఫ్లాష్ చదివేదీ లేచే అంచున. పాత బిట్ అందుతుంది, కానీ ఈసారి పాత బిట్ తప్పు బిట్. 1001 1111 కాస్తా x100 1111 అయి 0x4F గానో 0xCF గానో చేరుతుంది. ఆ కమాండ్ ఫ్లాష్‌కి తెలియదు, నోరు విప్పదు. అక్క చెప్పిన లెక్కే, తిరగేసి.

MAX31865 మోడ్ 1, 3 ఒప్పుకుంటుంది. రెండింటికీ కామన్‌గా ఉన్నది 3. బస్ మొత్తం మోడ్ 3లో పెట్టెయ్, మార్చే పనే ఉండదు. మోడ్ 0, 3 ఒకటే అని నేనన్నది ఫ్లాష్ విషయంలో నిజమే కదా లక్ష్మి గారూ?

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

ఫ్లాష్ విషయంలో నిజమే. రెండు మోడ్‌లలోనూ చదివేది లేచే అంచునే. తేడా మొదట్లో ఉంది: మోడ్ 0లో మొదటి బిట్ ఏ అంచూ లేకుండానే సిద్ధంగా ఉండాలి, దాన్ని బయటికి తెచ్చేది సీఎస్ దిగడం. మోడ్ 3లో మొదటి దిగే అంచు తెస్తుంది. ఫ్లాష్ తయారీదారు ఆ రెండింటికీ చోటిచ్చాడు, అందరూ ఇవ్వరు. మోడ్ 3 సలహా సరైనది.

---

చిన్నబోర్డు

మోడ్ 3 పెట్టా. ఫ్లాష్ పలికింది, ఉష్ణోగ్రత సరిగ్గా... రాలేదు! పవర్ తీసి మళ్లీ ఇచ్చిన ప్రతిసారీ కాన్ఫిగ్ 0x00 ఉంటోంది. నేను మొట్టమొదట చేసే పనే 0xD1 రాయడం. అది పోతోంది. ఆ తరువాత రాసినవి, చదివినవి అన్నీ బాగానే ఉన్నాయి.

---

కర్నూలు_సర్క్యూట్

రెండుసార్లు రాయి బ్రో. నేనెప్పుడూ రెండుసార్లు రాస్తా, ఎందుకో తెలియదు కానీ పనిచేస్తుంది.

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

ఎందుకో చెప్తాను. హాల్‌లో `HAL_SPI_Init` పిలవగానే ఎస్‌పీఐ నడవడం మొదలవదు. మొదటి `HAL_SPI_Transmit` లోపల అది ఆన్ అవుతుంది. అప్పటివరకు క్లాక్ పిన్ పైన ఉంటుందని గ్యారంటీ లేదు. మీరు ముందు సీఎస్ దించుతున్నారు, అప్పుడు క్లాక్ ఇంకా కిందే ఉంది. తరువాత ఎస్‌పీఐ ఆన్ అయి, క్లాక్ ఒక్కసారి పైకి లేస్తుంది. అది మీరు పంపని అంచు.

ఈ చిప్ సీఎస్ దిగిన క్షణంలో క్లాక్ ఎక్కడుందో చూసి, విశ్రాంతి స్థాయి ఏదో తనే నిర్ణయించుకుంటుంది. అందుకే 1, 3 రెండూ పనిచేస్తాయి. కింద ఉండటం చూసి మోడ్ 1 అనుకుంది, దిగే అంచున చదవడానికి సిద్ధమైంది. మీరు మోడ్ 3లో అదే దిగే అంచున బిట్ మారుస్తున్నారు. 0x80 ఒక బిట్ వెనకబడి 0x40గా అందుతుంది. పై బిట్ 1 లేదు కాబట్టి అది రాసే కమాండే కాదు. తరువాతిసారికి క్లాక్ పైన నిలబడి ఉంటుంది, అంతా సర్దుకుంటుంది. కర్నూలు గారి రెండో రాత పనిచేసేది అందుకే.

సీఎస్ దించేముందు, ఒక్కసారి:

```c
__HAL_SPI_ENABLE(&hspi1);
```

దాంతోపాటు క్లాక్ తీగకి పుల్-అప్ కూడా పెట్టండి. CPOL ఒకటి అయితే ఆ తీగని పైకి లాగి ఉంచమని ఎస్‌టీ రిఫరెన్స్ మాన్యువల్‌లోనే ఉంది, ఎవరూ చదవరు.

---

పాత_సోల్డర్

ఆలస్యంగా వచ్చాను. పిక్ వాడేవాళ్లకి ఒక మాట. అందులో CPHA అనే బిట్ ఉండదు, CKE ఉంటుంది, దాని అర్థం తిరగబడి ఉంటుంది. మోడ్ 0 కావాలంటే CKP సున్నా, CKE *ఒకటి*. రెండూ సున్నా పెడితే వచ్చేది మోడ్ 1. మోటరోలా వాళ్లు 1980లలో మొదలుపెట్టారు, అందరూ కట్టుబడే ఒక ప్రమాణ పత్రం రాలేదు, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. మోడ్ నంబర్‌ని నమ్మకండి, డేటాషీట్‌లోని టైమింగ్ బొమ్మే నమ్మండి.

నాదొక ప్రశ్న. నా MAX31865 బోర్డుకి, కంట్రోలర్‌కి మధ్య ఐసొలేటర్ చిప్ ఉంది. సరైన మోడ్ పెట్టినా నాలుగు మెగాహెర్ట్జ్ దాటితే సరిగ్గా ఒక బిట్ జరిగిన డేటా వస్తుంది, తగ్గిస్తే బాగుంటుంది. ఇది మోడ్ సమస్యా, కాదా?

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

కాదనే అనుకుంటున్నాను. క్లాక్ ఐసొలేటర్ దాటి వెళ్లడానికి ఒక ఆలస్యం, మిసో వెనక్కి రావడానికి ఇంకో ఆలస్యం, చిప్ సొంత ఆలస్యం. నాలుగు మెగాహెర్ట్జ్‌లో అర క్లాక్ 125 నానోసెకన్లే. మూడూ కలిపి అది దాటితే మాస్టర్‌కి పాత బిట్టే చిక్కుతుంది, చూడ్డానికి అచ్చం మోడ్ తప్పులాగే ఉంటుంది. వేగంతో మారుతోంది కాబట్టి తేడా తెలుస్తుంది. మీ ఐసొలేటర్ ఆలస్యం ఎంతో చూసి చెప్పండి, లెక్క కుదురుతుందో లేదో చూద్దాం.

---

సిగ్నల్_సీను

అలాంటప్పుడు కావాలనే అర క్లాక్ ఆలస్యంగా చదివితే? అంటే మాస్టర్‌ని కావాలని తప్పు ఫేజ్‌లో పెడితే చదవడం బాగుపడుతుంది కదా?

---

పాత_సోల్డర్

ఈ చిప్‌కి అది కుదరదు. దీనికి తప్పు ఫేజ్ అంటే CPHA సున్నా, అది అర క్లాక్ ముందుగా చదువుతుంది, ఆలస్యంగా కాదు. పైగా రాసే వైపు పోటీ కూడా వచ్చిపడుతుంది. మాస్టర్‌కి ఫేజ్ బిట్ ఒక్కటే, రెండు దిశలకీ అదే. చదివే శాంపిల్‌ని మాత్రమే విడిగా వెనక్కి జరిపే సౌకర్యం కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది, నా దాంట్లో లేదు. ఐసొలేటర్ డేటాషీట్ తీసి మళ్లీ వస్తా.

---

చిన్నబోర్డు

ఎనేబుల్ ముందే పెట్టా, క్లాక్‌కి 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ కూడా. పవర్ ఎన్నిసార్లు తీసి ఇచ్చినా మొదటి రాతే నిలుస్తోంది. ఇప్పుడు డంప్:

```
D1 41 5A FF FF 00 00 00
```

ఇప్పుడు కొత్తగా, తీగ కదిలిస్తే ఫాల్ట్ బిట్ వస్తోంది, ఈసారి రిజిస్టర్ 0x07లో కూడా 0x04 పడుతోంది.

---

లక్ష్మి_ఫర్మ్‌వేర్

అది నిజమైన ఫాల్టే. సెన్సర్ టెర్మినల్ స్క్రూ బిగించండి.